బస్సు మిస్సయిందా, తప్పిపోయిందా?

అనకాపల్లి ఆర్టీసీ కాంప్లెక్సులో రోజూ ఎవరో ఒకరు ‘బస్సు మిస్సయ్యాను’ అంటూనే ఉంటారు. వాక్యం నిక్షేపంగా నడుస్తుంది. దాన్ని అచ్చ తెలుగులోకి మార్చాలని ఓ భాషాభిమాని కూర్చుంటే మాత్రం చిక్కే. ‘మిస్’ అంటే తప్పడం కదా అని ‘బస్సు తప్పిపోయింది’ అని రాశాడనుకోండి. పాపం, ముప్పై మంది ప్రయాణికులతో సహా బస్సు కోసం పోలీసులు వెతకాలి. ‘నేను తప్పిపోయాను’ అంటే వెతకాల్సింది ఆయన్నే!

పూర్తి ఇంగ్లీషు వైపు పోతే ‘ఐ యామ్ మిస్డ్ ద బస్’ తయారవుతుంది. ఆ ‘యామ్’ మన ‘అయ్యాను’ చలవే. మిశ్రమ వాక్యంలో ఇంగ్లీషుది మాట మాత్రమే. కర్త, కాలం అన్నీ చూసుకునేది వెనకున్న ‘అవ్వు’, ‘చేయి’ అనే తెలుగు క్రియలు. మాటకు మాట పెడితే ఆ జోడీ విడిపోతుంది.

‘ఫోన్ కట్ చేశాడు’దీ అదే కథ. ‘ఫోన్ కోశాడు’ అంటే చేతిలో కత్తి కనిపిస్తుంది. ‘పెట్టేశాడు’ అంటే సరిపోతుంది.

అసలు జరిగిందేమిటో ముందు చూస్తే మాట ఇంట్లోనే దొరుకుతుంది. బెల్లం మార్కెట్లో దిమ్మలు దించే పెద్దాయన్ని అడగండి, నిఘంటువు తెరవకుండానే చెబుతాడు:

‘బస్సు అందనేదు బాబూ!’