ఒక పక్కా, రెండు పక్కలా?

రాణిగంజ్ వెనక గల్లీల్లో లేత్ మోత వినిపించే ఏ షెడ్డులో దూరినా ఇలాంటి మనిషి ఒకాయన తగులుతాడు. జీతం ఉండదు. రిటైరై ఏళ్లు గడిచాయి. అయినా పదిన్నర కొట్టేసరికి వచ్చి, వైస్ పక్కనున్న స్టూలు తుడుచుకుని కూర్చుంటాడు. అందరికీ పెన్నుండే జేబులో ఆయనకు మైక్రోమీటరు ఉంటుంది. చాయ్ తెచ్చే కుర్రాడు గ్లాసు అంచు పట్టుకుని ఇస్తే తాగడు. "అక్కడ వేలిముద్ర పడ్డది, కొలత తప్పుతది" అంటాడు. చాయ్ గ్లాసుకు కొలతేమిటని అడిగిన కుర్రాడు మళ్లీ అడగలేదు.

మా షెడ్డులో ఆయన్ని మైక్రాన్ సారు అంటాం. కుర్రతనంలో కవాడిగూడ ప్రాగా టూల్స్‌లో అప్రెంటిస్ చేశాడు. ఆ కంపెనీ 1943లో పుట్టిందని రోజుకోసారి చెబుతాడు, పురిటిగది బయట తనే కాపలా ఉన్నట్టు. తక్కినదంతా చిన్నచూపే. మూడు సున్నాల తర్వాత అంకె లేని కొలతను ఆయన కొలతగా లెక్కపెట్టడు. మేనకోడలి పెళ్లిలో నలుగు పెడుతుంటే "పసుపు మందం ఎంతుంటదమ్మా, గాజులు తర్వాత ఎక్కుతయా?" అని అడిగి పేరంటాళ్లను హడలెత్తించాడట. ఆ మాట నవ్వులాటకు అనలేదు. పైన పూత పడేదాన్ని ముందే సన్నం చేసి పెట్టుకోవాలన్నది ఆయనకు ఉద్యోగ ధర్మం కాదు, ఆచారం.

కోటింగ్ అన్న మాట చెవిన పడితే చాలు, ఆయన దగ్గర మూడు ప్రశ్నలు రెడీగా ఉంటాయి. "డ్రాయింగ్ సైజు ముందుదా, తర్వాతదా? ఆ చెప్పిన అంకె మందమా, పెరుగుడా? ఒక పక్కా, రెండు పక్కలా?" మొదట్లో నాకిది ముసలి చాదస్తంలా అనిపించేది. ముప్ఫై షాఫ్టులు చేతిలో పెట్టుకుని దిక్కులు చూసిన రోజున ఆ అభిప్రాయం మారింది.

ఆ ఆర్డరు ఇది. అల్యూమినియం షాఫ్టు, 25 మిల్లీమీటర్లు, ఎఫ్7. అంటే పూర్తయ్యాక 24.959కి, 24.980కి మధ్య ఉండాలి. ఇరవైఒక్క మైక్రాన్ల సందు. పైన హార్డ్ అనొడైజింగ్, యాభై మైక్రాన్లు. డ్రాయింగ్ కింద మూల చీమ తలకాయంత అక్షరాల్లో, కొలతలు కోటింగ్ తర్వాతవి అని రాసుంది. అది నేను చూశాను. చూశానని గర్వపడ్డాను కూడా. అనొడైజింగ్‌లో సగం లోపలికి పోతుంది, సగమే బయటికి పెరుగుతుందని ఎవరో చెప్పగా విన్నాను. యాభైలో సగం ఇరవై ఐదు. నడిమి సైజు 24.970లోంచి ఇరవై ఐదు తీసేసి 24.945కి తిప్పించి, ప్లేటింగ్ షెడ్డుకు పంపాను. సారు ఆ వారం ఊళ్లో లేడు.

తిరిగొచ్చిన ముక్కలు నల్లగా, నిగనిగలాడుతూ, పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. కొలిస్తే 24.995. స్నాప్ గేజి భుజం మీదే ఆగిపోయింది, దిగనంది. కంచు బుష్‌లో తోస్తే వెళ్లింది గానీ, నూనె నిలవడానికి జాగా లేదు.

సారు వచ్చాడు. ఒక షాఫ్టు తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత తీసినవ్?"

"ఇరవై ఐదు సార్. సగమే కదా పెరిగేది."

"సగం సరే. షాఫ్టుకు ఎన్ని పక్కలుంటయి?"

నేను జవాబు చెప్పలేదు. గుండ్రటి వస్తువుకు పక్కలేమిటని ఆ నిమిషంలో నిజంగానే అనుకున్నాను. ఆయన షాఫ్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చూపించాడు. "ఈ వేలి కింద ఇరవై ఐదు లేచె. ఆ వేలి కింద ఇరవై ఐదు లేచె. నువ్వు కొలిచేది వేలికీ వేలికీ మధ్య. ఎంతాయె?" యాభై ఆయె.

ఇక్కడ ఆయన వేసిన పోలిక చెప్పకపోతే ద్రోహమవుతుంది. క్రోమ్ ప్లేటింగ్ మిరపకాయ బజ్జీ లాంటిదట. కాయ కాయలాగే ఉంటుంది, పిండంతా బయటే. యాభై మైక్రాన్ల క్రోమ్ వేస్తే వ్యాసం నిండుగా వంద పెరుగుతుంది. అనొడైజింగ్ అలా కాదు, అరచేతిలో కాయ కాచినట్టు. బయటినుంచి ఎవడూ ఏమీ అంటించలేదు; చర్మమే గట్టిపడింది, కొంత లోపల, కొంత పైకి. అల్యూమినియమే ఆక్సైడుగా మారుతుంది, మారినది ఎక్కువ చోటు అడుగుతుంది గనక ఉబ్బుతుంది. హార్డ్ అనొడైజింగ్‌లో మందంలో రమారమి సగం పైకి లేస్తుంది. అల్యూమినియం కిటికీలకు రంగు కోసం చేసే మామూలు అనొడైజింగ్‌లో మూడో వంతే. "అందుకే మందమా, పెరుగుడా అని అడిగేది. ప్లేటింగ్ ఆయన గేజి పెట్టి యాభై అని రాసిస్తడు, అది మందం. నీకు కావాల్సింది పెరుగుడు. ఆయన అబద్ధం చెప్పలే, నువ్వే వేరే ప్రశ్నకు జవాబు రాసుకున్నవ్."

నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. కోటింగ్ ఊడదీయించి మళ్లీ వేయిస్తే? సారు చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసి, సుద్దముక్కతో గచ్చు మీద లెక్క వేశాడు. కోటింగ్ ఊడిందంటే దాంట్లోకి కరిగిపోయిన లోహం తిరిగి రాదు. ప్రతి పక్కా ఇరవై ఐదు మైక్రాన్ల అల్యూమినియం పోయింది గనక 24.945 ఉండాల్సిన షాఫ్టు 24.895కి దిగుతుంది. మళ్లీ యాభై వేస్తే 24.945. కావాల్సిన కింది గీత 24.959. "మొన్న పదిహేను లావు. ఇప్పుడు పద్నాలుగు సన్నం. పైసలిచ్చి బక్కగ చేయించుకుంటవా?" ఆ గచ్చు మీది లెక్కను ఊడ్చే అమ్మాయి వారం పాటు తప్పించుకుని ఊడ్చింది, ఏదో ముగ్గనుకుని.

క్రోమ్ అయితే బతికిపోయేవాణ్ణి. మందంగా వేయించి, గ్రైండింగ్‌లో సైజుకు దించుకునే అలవాటు ఉంది. అనొడైజింగ్‌లో ఎక్కువైనదాన్ని రాతితో రుద్ది దింపితే, డ్రాయింగ్ అడిగిన మందమే తరిగిపోతుంది.

ముప్ఫై ముక్కలూ తుక్కు డబ్బాలో పడ్డాయి. సారు ఒకటి తీసుకెళ్లి ఇంట్లో చపాతీ కర్ర చేశాడు. తుప్పు పట్టదు, గీత పడదు అని ఇప్పటికీ మెచ్చుకుంటాడు. ఆ మెచ్చుకోలు నాకు ఎక్కడ తగులుతుందో ఆయనకు తెలుసు.

రెండో విడతకు లెక్క ఆయనే వేశాడు. ముందు ప్లేటింగ్ షెడ్డుకు ఫోను. యాభై అంటే ఎంత నుంచి ఎంత? "పది అటూ ఇటూ సార్" అన్నాడు అవతలి మనిషి. అంటే నలభై నుంచి అరవై. హార్డ్ అనొడైజింగ్‌లో ఒక సుఖముంది: సగం పెరుగుడును రెండు పక్కలకు లెక్కేస్తే మళ్లీ మందం అంకే వస్తుంది. వ్యాసం నలభై నుంచి అరవై దాకా పెరుగుతుందన్నమాట. ఎక్కువ పెరిగినా పైగీత దాటకూడదు: 24.980లోంచి అరవై తీస్తే 24.920. తక్కువ పెరిగినా కింది గీతకు చాలాలి: 24.959లోంచి నలభై తీస్తే 24.919. మా లేత్ మీద తిప్పేవాడికి మిగిలింది ఒక్క మైక్రాను. డ్రాయింగ్ ఇచ్చిన ఇరవైఒకటిలో ఇరవై ప్లేటింగ్ ఆయన ఫలహారం చేశాడు.

"అన్నా, ఇదే ఇరవైఒకటి గాక పదమూడు మైక్రాన్ల టాలరెన్స్ అయితే నువ్వు నాకు మైనస్ ఏడు మిగిలిస్తవ్. అంటే పెద్ద సైజు కన్న చిన్న సైజు పెద్దది. అట్లాంటి షాఫ్టు బ్రహ్మదేవుడు గూడ తిప్పలేడు" అని సారు ఫోన్లో అంటుంటే మా టర్నరు లేత్ ఆపి విన్నాడు. బేరం అరగంట సాగింది. ఐదు అటూ ఇటూ దగ్గర తెగింది, బాత్‌లో తక్కువ ముక్కలు వేలాడదీయాలని, ముక్కకు రెండు రూపాయలు ఎక్కువని. అప్పుడు లెక్క మారింది. పైన 24.925, కింద 24.914. పదకొండు మైక్రాన్లు. ఇది మనిషి చేయగల పని.

అది మే నెల. షెడ్డులో నలభై డిగ్రీలు. డ్రాయింగ్ కొలతలేమో ఇరవై డిగ్రీలకు. ఆ తేడాకు మా షాఫ్టు వ్యాసం పదకొండు మైక్రాన్ల పైనే ఉబ్బుతుంది. ఉక్కు మాస్టరు, మైక్రోమీటరు కూడా ఉబ్బుతాయి గానీ ఉక్కుకు అందులో సగమే. కాబట్టి మూడింటినీ ఒకే చోట పెట్టినా దాదాపు ఆరు మైక్రాన్ల అబద్ధం మిగులుతుంది. పగలు 24.920 అని చదివినది నిజానికి 24.914, కింది గీత అంచు మీద ఉన్నట్టు. లేత్ మీంచి దిగిన వేడి ముక్కనైతే చెప్పనే అక్కర్లేదు. సారు ఏసీ ఉన్న కంప్యూటర్ గది నుంచి నా కుర్చీ బయట పడేయించి, అక్కడ సర్ఫేస్ ప్లేటు పెట్టించాడు. ముక్కలన్నీ మాస్టరు పక్కన రాత్రంతా ఇరవై డిగ్రీల చల్లదనంలో నిద్రపోయాయి. నేను చెమటలు కక్కుతూ బయట బిల్లులు రాశాను.

ముప్ఫై ఒకేసారి పంపనివ్వలేదు కూడా. మొదట రెండే. కొసన నంబరు గుద్ది, మూడు చోట్ల కొలిచి రాసుకుని, వచ్చాక అవే మూడు చోట్ల మళ్లీ కొలిచాడు. నలభై ఆరు, నలభై ఎనిమిది పెరిగాయి. ఆ రెండు అంకెలు చూసి ఆయన మొహంలో వచ్చిన వెలుగు, మనవడు పుట్టినప్పుడు వచ్చిందో లేదో నాకు అనుమానమే.

మిగతావి వెళ్లాయి, వచ్చాయి, గేజి మెత్తగా జారింది. మిఠాయి పొట్లం పట్టుకుని వారాసిగూడలో సారింటికి వెళ్లాను. హాల్లో కొత్త రంగు వాసన. సారు కనిపించలేదు. ఆయన భార్య కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. స్నానాల గది తలుపు లోపలినుంచి ఎవరో బాదుతున్నారు.

"రంగు వేయించక ముందే ఆయనే కూర్చుని తలుపు చిత్రిక పట్టించినడు బాబూ. రెండు చేతులకు లెక్క. పెయింటరు మూడు వేసి పోయిండు. కింద లప్పం కూడ పెట్టిండట" అందామె, కాయ ఒలుస్తూనే.

నేను వెళ్లి తలుపు మీద చెయ్యి వేశాను.

"తొయ్యకు!" లోపలినుంచి గొంతు. "ముందు పెయింటరుకు ఫోన్ చెయ్. లప్పం ఒక పక్కకు పెట్టిండా, రెండు పక్కలకా?"