పేరు పెట్టే ఓనరుగారు

అమీర్‌పేటలో కొత్త ఓనరుగారిని గుర్తుపట్టడం సులువు. సరుకు ఇంకా గోడౌనుకి చేరదు గానీ, విజిటింగ్ కార్డు మాత్రం జేబులో తయారుగా ఉంటుంది. ఎదురుపడ్డ ప్రతివాడికీ అది చూపించి ‘పేరెలా ఉందండీ?’ అంటారు. బాగుందన్నవాడు తెలివైనవాడు, బాగాలేదన్నవాడు ఓర్వలేనివాడు. ఈయన అమ్మబోయేవి సీలింగ్ ఫ్యాన్లు, పెట్టిన పేరు ‘చల్లగాలి’. వినగానే సరుకేమిటో తెలిసిపోవాలన్నది ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతానికి శిష్యులెందరో తెలియాలంటే మైత్రీవనం దగ్గర తలెత్తి చూస్తే చాలు. మేడల మీద ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కిన బోర్డుల నిండా టెక్కులూ, సాఫ్టులూ, సొల్యూషన్లే. అన్నీ అర్థమవుతాయి, మెట్లు దిగేసరికి ఒక్కటీ గుర్తుండదు. అర్థం కావడం వేరు, గుర్తుండడం వేరు. అందరి నోటా ఉన్న మాట ఏ ఒక్కరి సరుకుకీ గుర్తుగా నిలవదు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం సరుకు గుణాన్ని వర్ణించే మాటని మామూలుగా ఒకరి సొంతం చెయ్యరు. చల్లగాలి ఇవ్వడం ప్రతి ఫ్యానూ చేసే పనే కదా! ‘ట్రేడ్‌మార్క్ ఆఫీసువాళ్లకి మన తెలుగేం తెలుస్తుందిలెండి’ అని ఓనరుగారి ధీమా. కానీ పేరు తెలుగు లిపిలో ఉంటే దాని ఉచ్చారణా అర్థమూ దరఖాస్తులో మనమే రాసివ్వాలి. పైగా ఇది హైదరాబాదు. ‘గాలి’ అంటే హిందీలో, ఉర్దూలో తిట్టు. పంజాగుట్ట షాపులో సేల్స్‌మన్ ‘మా గాలి తీసుకోండి సార్’ అంటే, కొనేవాడి భాషని బట్టి ఫ్యానైనా తిరగొచ్చు, చెయ్యైనా తిరగొచ్చు. అందుకే పేరుని కాగితం మీద చూసి మురిసిపోకుండా, ఆ సరుకు అమ్ముడయ్యే ఊళ్లో మాట్లాడే ప్రతి భాషవాడి చేతా పైకి పలికించి వినాలి.

ఇలాంటి చిక్కులన్నిటికీ ఓనరుగారి దగ్గరున్న మందు న్యూమరాలజీ. ఇంగ్లిష్ స్పెల్లింగులో రెండు ‘ఏ’లూ చివర ఒక ‘హెచ్’ తగిలిస్తే అదృష్టంతో పాటు కొత్త పేరూ పుట్టుకొస్తుందని ఆయన నమ్మకం. అక్షరాలు పెరిగినా చెవికి వినపడేది పాత పేరే. 1962లో ‘అమృతధార’ మందువాళ్లు ‘లక్ష్మణధార’ మీద అభ్యంతరం చెప్పినప్పుడు, రెండు పేర్ల అర్థాలూ వేరన్న వాదం సుప్రీంకోర్టులో నిలవలేదు. కొనేవాడు సంధులు విడదీసి చూడడు, సగం గుర్తుతో అడుగుతాడు, అలా అడిగేవాడు పొరబడతాడా లేదా అన్నదే కొలత. అందుకే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో అక్షరాలతో వెతికి ఊరుకోకుండా ఉచ్చారణతో కూడా వెతకాలి. ఫ్యాన్లది 11వ తరగతి, ముందుగా గాలించాల్సింది అక్కడే.

‘మరి రెడ్డీస్ సంగతేమిటండీ? ఊరంతా రెడ్లే కదా!’ అన్నది ఆయన బ్రహ్మాస్త్రం. మంచి ప్రశ్నే. 1984లో మొదలై అమీర్‌పేట చిరునామాతోనే పెరిగిన డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్, రెడ్డి ఫార్మాస్యూటికల్స్ అనే కంపెనీ మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. అది ఇంటిపేరులాంటి మాటే అయినా మందుల వ్యాపారంలో డాక్టర్ రెడ్డీస్‌కి గుర్తుగా స్థిరపడిందని 2004లో కోర్టు ఆ పేరు వాడకుండా రెండో కంపెనీని నిలువరించింది. అంటే మామూలు మాట కూడా సొంతమవుతుంది, కాకపోతే దానికి ఏళ్ల తరబడి అమ్మకాలు తోడుండాలి. అప్పుడైనా ఆ హక్కు మందుల రంగానికే గానీ ఊళ్లోని రెడ్లందరి మీదా కాదు. ఇంకా మొదటి ఫ్యానే అమ్మని ఓనరుగారు ఈ ఉదాహరణ మీద ఆశ పెట్టుకోవడం, ముహూర్తం కుదరకముందే మనవడి బారసాలకి హాలు బుక్ చెయ్యడమే.

పోనీ కొత్త మాట పుట్టించమంటే, ‘అర్థం లేని పేరు ఎవరికి గుర్తుంటుంది?’ అన్నది చివరి అభ్యంతరం. అదే డాక్టర్ రెడ్డీస్ అమ్మే ‘ఒమెజ్’ చూడండి. లోపలి మందు పేరు ఒమెప్రజోల్. అలాంటి అంతర్జాతీయ సామాన్య నామాన్ని ఎవరి ట్రేడ్‌మార్కుగానూ నమోదు చెయ్యకూడదని 13వ సెక్షన్. దాన్ని కత్తిరించి రెండక్షరాలకి కుదిస్తే నిఘంటువులో లేని మాట పుట్టింది, నోటికి ఇట్టే పట్టుబడింది. గుర్తుండేది అర్థం వల్ల కాదు, పలకడానికి సులువు కావడం వల్లా, పదేపదే వినపడడం వల్లా. సామాన్య నామానికి మరీ దగ్గరగా ఉంటే పక్కవాడూ దాన్నే కత్తిరించి అలాంటి పేరే పెట్టుకుంటాడన్న ప్రమాదం ఉంది, నిజమే. అయినా ‘చల్లగాలి’ కంటే ఇదే నయం.

ఇవన్నీ ఓనరుగారికి తెలియవని కాదు. చిన్న వ్యాపారి ఆన్‌లైన్లో దరఖాస్తు పెడితే ఒక తరగతికి ఫీజు 4,500 రూపాయలే. జర్నల్‌లో పేరు పడ్డాక నాలుగు నెలల పాటు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఎవరూ చెప్పకుండా ఆ గడువు గడిచాక అట్టపెట్టెలు ప్రింటుకిస్తే గొడవే లేదు. కానీ ఆయన పెట్టెలు ముందే ప్రింటు చేయించేశారు. ఇక వాటిని కాపాడడానికి వాదిస్తున్నారు. ఆయన పేరు మార్చకపోవడానికి కారణం పేరు మీద ప్రేమ కాదు, గోడౌనులో పేర్చి ఉన్న అట్ట.