నెలకు పదకొండు వేలు పోగొట్టుకునే వంటింటి లెక్క

తాండూరులోనో వికారాబాద్‌లోనో ఇంట్లోనే క్లౌడ్ కిచెన్ పెట్టాలనుకునేవాళ్లు ముందుగా చేయాల్సిన పని, కాగితం, కలం కంటికి కనబడకుండా దాచేయడం. లెక్క రాసుకున్నవాళ్లు సగంలోనే ఆగిపోతారు. రాసుకోనివాళ్లు ఆరు నెలలైనా నడుపుతారు.

పెట్టుబడితో మొదలుపెడదాం. ఒక పెద్ద పొయ్యికి ఏడు వేలు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ డిపాజిట్‌కూ రెగ్యులేటర్‌కూ కలిపి ఐదు వేలు, గిన్నెలకు ఎనిమిది వేలు, తూకం మిషన్‌కు పదిహేను వందలు, మొదటి విడత డబ్బాలకు ఐదు వేలు, ఫొటోలకు రెండు వేలు, ఆహార భద్రతా సంస్థలో చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి వంద రూపాయలు. మిక్సీ, ఫ్రిజ్ ఇంట్లో ఉన్నవే. ఇలా 28,600తో తేల్చేసే పిసినారులు ఉంటారు. వాళ్ల దారి పట్టకండి. నిలువెత్తు డీప్ ఫ్రీజర్, బిల్లింగ్ మిషన్, గుమ్మం ముందు వెలిగే బోర్డు, మీ పేరు అచ్చేసిన వెయ్యి డబ్బాలు కొనండి. గిరాకీ మీ ఇంటికి రాదు, బోర్డు వీధి కుక్కలకు తప్ప ఎవరికీ కనబడదు, అయినా కొనండి. లక్షా అరవై వేలు అవుతుంది. దాన్ని రెండేళ్లకు, నెలకు మూడు వందల ఆర్డర్లకు పంచితే ఆర్డర్‌కు 22 రూపాయలు పడుతుంది. పిసినారి లెక్కలో అది నాలుగే. కాబట్టి పంచకండి. పెట్టుబడి అంటే పెట్టేసింది, ఇక దాని ఊసు ఎందుకు?

చేతిలో నెల ఖర్చుకు డబ్బు ఉంచుకోమని ఎవరైనా అంటే వినకండి. కూరగాయలవాడికి ఇవాళే ఇవ్వాలి, యాప్ డబ్బులు వారానికో మారు వస్తాయి, ఆ మధ్య వారం ఎలాగో గడుస్తుంది. వదినను అడగొచ్చు.

గ్యాస్ సంగతి. ఇంటి ఎర్ర సిలిండర్ ఉండగా నీలం సిలిండర్ ఎందుకంటారా? చాలామంది ఆలోచన అదే. ఇంటి సిలిండర్‌ను వ్యాపారానికి వాడకూడదని 2000 సంవత్సరం నాటి ఎల్పీజీ ఉత్తర్వు చెబుతోంది, తనిఖీకి వస్తే సిలిండర్ పట్టుకుపోతారు, కేసు కూడా పెడతారు. అలాంటివి పక్కింటివాళ్లకే జరుగుతాయని నమ్మండి. పైగా ఇంటి సిలిండర్ ధరతో లెక్క వేస్తే భోజనం చవకగా కనబడుతుంది, మనసుకు హాయి.

ఇక మెనూ. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఇంత పేరున్న పప్పును వదులుతామా? రెండు జొన్నరొట్టెలు, పప్పు, వంకాయ కూర, కొంచెం అన్నం, పెరుగు, పచ్చడి కలిపి ఒక భోజనం. సరుకులకు 52 రూపాయలు అయిందనుకుందాం. యాప్‌లో ధర 150 పెట్టండి. 150లోంచి 52 తీసేస్తే 98 లాభం. ఈ ఒక్క తీసివేతతో ఆగిపోవాలి. మన తాండూరులో కిచెన్లు తెరిచేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగుతారు.

ఆగకుండా ముందుకు వెళ్లే మొండివాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడ వాడిన ధరలు లెక్క కోసం వేసుకున్నవి. వీటి స్థానంలో మీ కొట్టు ధరలు వేసుకుంటే మీ నష్టం మీకే కచ్చితంగా తెలుస్తుంది, కాబట్టి వేసుకోకండి.

ముందు డబ్బాలు. బిర్యానీకి ఒక డబ్బా చాలు. భోజనానికి అలా కాదు, ప్రతి పదార్థానికీ ఒక ఇల్లు కావాలి. అన్నం డబ్బా 5, పప్పు డబ్బా మూడున్నర, కూర డబ్బా మూడున్నర, పెరుగు గిన్నె 2, రొట్టెలకు ఫాయిల్ 2, సంచి 4, టిష్యూ అర్ధరూపాయి, టేపూ స్టిక్కరూ రూపాయిన్నర. పచ్చడి అన్నం మీదే పెట్టేశామనుకుందాం. మొత్తం 22. ఇది 150 రూపాయల భోజనానికీ 22, రేపు మీరు పెట్టబోయే 80 రూపాయల పప్పన్నానికీ దాదాపు అంతే. అందుకే చిన్న ధరల ఐటమ్‌లు ఎక్కువ పెట్టండి, డబ్బాల కొట్టు బాగుపడుతుంది.

ఖర్చు తగ్గించాలని గదుల పళ్లెం కొంటే పప్పు గోడ దూకి పెరుగులో కలుస్తుంది. విడి డబ్బాల్లోనూ చేయాల్సింది ఉంది. పొయ్యి మీంచి దించిన పప్పును అలాగే డబ్బాలో పోసి మూత టక్కున బిగించండి. రెండు నిమిషాల్లో మూత బోర్లించిన గిన్నెలా ఉబ్బుతుంది. సాయానికి వచ్చే అమ్మాయి "అక్కా, మూత లేస్తుంది సూడు" అంటుంది. టేపు ఇంకో చుట్టు వేయమనండి. బండి స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే మూల దగ్గర సన్నగా కారడం మొదలై, సంచి అడుగున పసుపు మరక పడుతుంది, ఆ ఫొటో యాప్‌కు వెళుతుంది, ఆ ఆర్డర్ డబ్బులు తిరిగి వెళతాయి. పప్పును కాసేపు మూత లేకుండా ఆరనిచ్చి, అంచు తుడిచి, పైన వేలు వెడల్పు ఖాళీ వదిలేవాళ్లకు ఈ అనుభవం దక్కదు. రొట్టెనూ వేడిగానే ఫాయిల్‌లో చుట్టండి. ఆవిరి బయటికి పోక నీరై, జొన్నరొట్టె తడిసిన అట్టలా వెళుతుంది. పల్చటి కాగితంలో చుట్టి, ఆరాక పెట్టడం పాతకాలపు పద్ధతి.

తర్వాత కమీషన్. మీది కొత్త కిచెన్ కాబట్టి యాప్ వాళ్లు 20 శాతం డిస్కౌంట్ పెట్టమంటారు. అది వాళ్లు ఇస్తున్నారనుకుని ఒప్పుకోండి. 30 రూపాయలు మీ జేబులోంచే పోతాయి, మిగిలింది 120. దాని మీద 25 శాతం కమీషన్ అంటే 30. ఇక్కడితో అయిపోయిందనుకోవడం మంచి అలవాటు. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అంటే ఇంకో 5.40. ఈ జీఎస్టీ మీకు తిరిగి రాదు, ఖర్చులోకే పోతుంది. దీన్ని గిరాకీ కట్టే 5 శాతంతో కలిపేసుకోండి. 2022 జనవరి 1 నుంచి ఆ 5 శాతాన్ని యాప్ వాళ్లే వసూలు చేసి ప్రభుత్వానికి కడుతున్నారు, అందులో మీది పైసా లేదు. అయినా బిల్లు మీద కనబడిన పెద్ద అంకెనే మీ అమ్మకంగా ఇంట్లో చెప్పుకోండి, పరపతి పెరుగుతుంది.

ఇప్పుడు చేతికి వచ్చేది 84.60. యాప్‌లో పైన కనబడాలని నెలకు మూడు వేలు యాడ్‌లకు పెట్టారు, మూడు వందల ఆర్డర్లకు పంచితే తలా పది. మిగిలింది 74.60. సరుకులు 52, డబ్బాలు 22, కలిపి 74. భోజనానికి లాభం అరవై పైసలు.

అరవై పైసలైనా లాభమే కదా అని సంబరపడే లోపు గ్యాస్ వస్తుంది. కమర్షియల్ సిలిండర్ 1,900 అనుకుని, రొట్టెలతో కలిపి 250 భోజనాలకు వస్తే తలా 7.60. సాయం చేసే అమ్మాయికి రోజుకు మూడు వందలు, రోజుకు పది ఆర్డర్లు, తలా ముప్ఫై. మొత్తం చూస్తే ప్రతి భోజనానికీ 37 రూపాయలు ఎదురు పెడుతున్నారు. నెలకు 11,100. ఇందులో పెట్టుబడి వంతు లేదు, కరెంటు లేదు, మీ కూలి అసలే లేదు. ఇల్లాలి శ్రమకు కూలి లెక్కగట్టడం మన ఇళ్లల్లో ఆనవాయితీ కాదు కాబట్టి దాన్ని కదిలించను.

రోజుకు పది ఆర్డర్లన్నది కూడా నేను ఉదారంగా వేసిన అంకె. అసలు ఆర్డర్లను అంచనా వేసే పద్ధతి వేరే ఉంది. వికారాబాద్‌లో ఆదివారం నాడు లెక్కపెట్టండి. హైదరాబాద్ కార్లన్నీ అనంతగిరి ఎక్కుతుంటాయి, రిసార్టుల్లో జనం కిటకిట. ఆ రోజు ముప్ఫై ఐదు ఆర్డర్లు వస్తే ముప్ఫైతో గుణించి నెలకు 1,050 అని రాసుకోండి. మంగళవారం మూడే వస్తాయి, సాయానికి వచ్చే అమ్మాయికి ఆ రోజూ అదే మూడు వందలు. అంటే ఆదివారం ఆర్డర్‌కు తొమ్మిది రూపాయలు పడిన కూలి మంగళవారం నూరవుతుంది. వారాంతానికి మాత్రమే కిచెన్ తెరిచి, సాయాన్ని కూడా ఆ రెండు రోజులకే పిలుచుకునేవాళ్లు వికారాబాద్‌ను అర్థం చేసుకున్నారని కొందరంటారు. వాళ్లను మన సంఘంలో చేర్చుకోం.

డెలివరీ దూరం ఎంతవరకు పెట్టాలని అడుగుతుంటారు. వీలైనంత దూరం పెట్టండి. యాప్ బండి దొరక్కపోతే మీ తమ్ముడిని పంపండి. ఊరి నుంచి కొండ మీదికి వెళ్లి రావడానికి పెట్రోలే ముప్ఫై రూపాయల దాకా కాలుతుంది, ముప్పావు గంట పోతుంది, ఆ లోపు ఊళ్లో వచ్చిన రెండు ఆర్డర్లు రద్దవుతాయి. అయితే పైన నుంచి లోయ బాగుంటుంది.

ధర ఎలా కట్టాలో వెనక నుంచి లెక్క వేసేవాళ్లు కొందరున్నారు, వాళ్లతో జాగ్రత్త. సరుకులు, డబ్బాలు, గ్యాస్, సాయం, పెట్టుబడి వంతు కలిపితే 116 వస్తుంది. దానికి కావలసిన లాభం 20 కలిపి 136 అంటారు. కమీషన్ 25 శాతం, దాని మీద జీఎస్టీ కలిస్తే 29.5 శాతం పోతుంది కాబట్టి, నూటికి డెబ్భై రూపాయల యాభై పైసలే చేతికొస్తాయని, 136ను 0.705తో భాగిస్తారు. 193 వస్తుంది. అదీ డిస్కౌంట్ లేకుండా, యాడ్ లేకుండా. ఇలాంటివాళ్లు అక్కడితో కూడా ఆగరు. తాండూరులో పప్పు భోజనానికి 193 ఎవరిస్తారని తమను తామే అడుగుతారు, ఎవరూ ఇవ్వరని తేల్చుకుని ఆ భోజనాన్ని యాప్‌లోంచి తీసేసి, ఒకే డబ్బాలో వెళ్లే, ఎక్కువ ధర పలికే బిర్యానీని మాత్రం ఉంచుతారు.

భోజనాన్ని ఏం చేస్తారో తెలుసా? నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవాళ్లకు రోజూ మధ్యాహ్నం ఇరవై స్టీలు క్యారియర్లు పంపుతారు. డబ్బాల ఖర్చు లేదు, కమీషన్ లేదు. ఒకే ట్రిప్పు కాబట్టి బండి అబ్బాయికి ఇచ్చే 120 రూపాయలు తలా ఆరవుతాయి. సాయానికి వచ్చే అమ్మాయి కూలి ఇరవై మందికి పంచితే 15. సరుకులు 52, గ్యాస్ ఎనిమిది, క్యారియర్లతో సహా పెట్టుబడి వంతు మూడు, సబ్బుకు రూపాయి. మొత్తం 85. 110కి ఇచ్చినా పాతిక మిగులుతుంది. ఇరవై ఐదు రోజులకు 12,500. మీకేమో యాప్‌లో ఫొటో, కింద నాలుగున్నర నక్షత్రాలు ఉన్నాయి. వాళ్లకు అవేవీ లేవు, సాయంత్రం నాలుగింటికి జిడ్డు పట్టిన ఇరవై క్యారియర్లు తోముకోవాలి. పైగా యూనిట్ యజమాని డబ్బులు పదిహేను రోజులకోసారి ఇస్తానంటాడు. వారానికోసారి కావాలని మొదటి రోజే గట్టిగా అడిగారట.