దిగ్భ్రాంతికి లోనైనవాణ్ణి నేనే

నాకు తెలుగు బాగా వచ్చనే జబ్బు ఒకటి ఉంది. ఇప్పుడు జబ్బంటున్నాను గానీ, మొన్నమొన్నటిదాకా దాన్ని ప్రతిభ అనే పిలుచుకునేవాణ్ణి. కాలేజీలో ఒకసారి వ్యాసరచన పోటీలో రెండో బహుమతిగా స్టీలు గ్లాసు ఇచ్చారు. పోటీకి వచ్చింది ముగ్గురమే అన్నది వేరే సంగతి. ఆ గ్లాసుతో మంచినీళ్లు తాగినప్పుడల్లా సరస్వతీదేవి గుటకగుటకగా గొంతులోకి దిగుతున్నట్టే ఉండేది. ఆఫీసులో ఎవరింట్లో పెళ్లయినా శుభలేఖ ముందు నా బల్ల మీదికి రావలసిందే. మీ ఇంట్లోనూ ఇలాంటి గ్లాసు ఒకటి ఉండే ఉంటుంది, నా దగ్గర దాచకండి.

మా స్టోర్ కీపరు వాళ్ల నాన్నగారు పోయారు. ఊరు తెనాలి దగ్గర చిన్న పల్లె. ఆయనకు 84 ఏళ్లు. పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచంలోనే ఉన్నారు. మా జనరల్ మేనేజరుది పుణె. తెలుగులో ఆయనకు వచ్చిన మాటలు రెండే: ‘బాగున్నారా’, ‘పెరుగు’. కానీ మనిషి మంచివాడు. పోయినాయన భార్యకు ఇంగ్లీషు రాదు కదా అని తనే ఆలోచించి, ఓ చిన్న ఉత్తరం ఇంగ్లీషులో రాసి నాకిచ్చి, “మంచి తెలుగులో రాసి, నువ్వే తీసుకెళ్లి ఆవిడ చేతికివ్వు” అన్నాడు.

మంచి తెలుగులో! ఆ మాట చెవిన పడ్డాక నన్నాపడం ఎవరి తరం?

ఆ ఉత్తరంలో ఉన్నది ఆరేడు వాక్యాలు. మీ ప్రియమైన భర్త మరణవార్త విని బాధపడ్డానని ఒకటి. ‘సారీ ఫర్ యువర్ లాస్’ అని ఒకటి. ఒకసారి మీ ఇంటికి వస్తే, సాయంత్రం విమానం ఉందని చెప్పినా వినకుండా మీ ఆయన సంచి నిండా జామపళ్లు ఇచ్చారని, విమానమంతా వాటి వాసనేనని రెండు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని ఒకటి. ఏ సాయం కావాలన్నా అడగమని ఒకటి. చివర ‘వార్మ్ రిగార్డ్స్’, సంతకం.

రాత్రి భోంచేసి, ఇంకు పెన్నులో సిరా నింపుకుని కూర్చున్నాను. ఇలాంటి మహత్కార్యాలు కంప్యూటరు మీద చెయ్యకూడదని నా సిద్ధాంతం. ‘బాధపడ్డాను’ అని రాస్తే మరీ పేదగా కనిపించింది. పత్రికల్లో పెద్దవాళ్ల సంతాప ప్రకటనలు గుర్తొచ్చాయి. ‘తీవ్ర దిగ్భ్రాంతికి లోనయ్యాను’ అని రాశాను. రెండేళ్లుగా మంచంలో ఉన్న 84 ఏళ్ల మనిషి పోతే ఎవరైనా దిగ్భ్రాంతికి ఎందుకు లోనవుతారన్న ప్రశ్న నాకు రాలేదు. మాట బాగుందా లేదా, అదే ధ్యాస. ‘మరణం’ అన్న మాటా నచ్చలేదు. ‘శివైక్యం’ అని పెట్టాను. ‘ప్రియమైన భర్త’ను ‘మీ ప్రియతమ పతిదేవులు’ చేశాను. ‘లాస్’ దగ్గర కాసేపు ఆగి, ‘మీకు వాటిల్లిన నష్టానికి మిక్కిలి చింతిస్తున్నాము’ అని దిద్ది, నా భుజం నేనే తట్టుకున్నాను.

జామపళ్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. సంతాప సందేశంలో జామపళ్లేమిటి? ఉత్తరాది మనిషి, మన మర్యాదలు తెలియవు పాపం అనుకుని ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను. ఆ ఖాళీలో ‘వారి మృతి సమాజానికి తీరని లోటు’ అని నింపాను. ‘వార్మ్ రిగార్డ్స్’ దగ్గరికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది, చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. ఆరేడు వాక్యాలు కాస్తా పేజీన్నర అయ్యాయి. పొద్దున్నే మా ఆవిడకు చదివి వినిపిస్తే, “ఎవరు పోయారు, మంత్రిగారా?” అంది. పామరురాలు అనుకున్నాను.

మూడోరోజు వెళ్లాను. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. లోపల గోడ మీద వాక్యం రాసున్న క్యాలెండరు. తెల్లబట్టల్లో పాస్టరుగారు. పదకొండేళ్లుగా రోజూ ఒకే క్యాంటీన్లో టీ తాగుతున్న మనిషి ఏ గుడికి వెళ్తాడో, అసలు గుడికే వెళ్తాడో లేదో నేనెప్పుడూ అడగలేదని అప్పుడు తెలిసింది. జేబులో ‘శివైక్యం’ నిప్పులా కాలింది. ఉత్తరం ఇవ్వకుండా జారుకుందామని వెనక్కి ఒక అడుగు వేశాను కూడా. ఈలోపు మా స్టోర్ కీపరు, “అమ్మా, మా పెద్దసారు నీకు ఉత్తరం పంపించారే” అనేశాడు. ఆవిడ చెయ్యి చాపింది. ఇచ్చాను. కళ్లజోడు లేదని మనవడికిచ్చింది. తొమ్మిదో తరగతి. గట్టిగా చదవరా అంది. అందరూ మాటలాపారు.

“తీవ్ర ది... దిగ్... దిగ్భ్రాం... అంకుల్, అంటే ఏంటి?” పక్కకు చూశాను. “మీ ప్రియతమ పతిదేవులు” దగ్గర వెనక కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “శి... వై... క్యం” దగ్గర పాస్టరుగారు దగ్గారు. “మీకు వాటిల్లిన నష్టానికి మిక్కిలి చింతిస్తున్నాము” అనగానే రైల్వే స్టేషన్‌లో బండి నాలుగు గంటలు లేటని చెప్పే అమ్మాయి గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. “సమాజానికి తీరని లోటు” అయింది. ఇక అయిపోయిందిలే అని ఊపిరి పీల్చుకుంటుండగా, చివరి వరసను తడుముకోకుండా, ఒక్క తప్పు లేకుండా, గణగణమని చదివాడు వాడు: “హృదయపూర్వక శుభాకాంక్షలతో!”

శుభాకాంక్షలు. మూడోరోజున. భర్త పోయినావిడకు.

అయ్యా, భూమి నిజంగానే తెరుచుకుంటే బాగుండుననిపించే క్షణాలుంటాయి. కృష్ణా డెల్టా నల్లరేగడిలో వేసవిలో బోలెడు నెర్రెలు పడతాయంటారు, నా కుర్చీ కింద ఒక్కటీ లేదు.

ఆవిడ మాత్రం నవ్వలేదు, కోపగించుకోలేదు. నా వైపు తిరిగి, “ఇంతకీ మీ సారు ఏమంటాడు బాబూ?” అంది.

అప్పుడు నా నోట్లోంచి, గ్లాసుకూ బహుమతికీ సంబంధం లేని మాటలు వచ్చాయి. “పెద్దాయన పోయారని తెలిసి సారు చాలా బాధపడ్డాడమ్మా. ఆయనిచ్చిన జామపళ్లు గుర్తుచేసుకున్నాడు. విమానమంతా వాసనేనట.” ఆవిడ మొహం మారిపోయింది. “ఆ తెల్లచొక్కా ఆయనేనా? చెట్టు కింద ఇట్టా నిలబడి, ఆ పండు కొయ్యండ్రా, ఈ పండు కొయ్యండ్రా అని పిల్లకాయల్ని హడలగొట్టాడు ఈయన” అని గట్టిగా ఏడ్చింది. మూడురోజుల్లో అదే మొదటిసారట. కొడుకే తర్వాత చెప్పాడు. నేను అనాగరికమని కొట్టేసిన రెండు వాక్యాలే ఆ ఉత్తరంలో అసలు సందేశం. మిగతాదంతా వాటికి చుట్టిన కాయితం.

చావు జరిగిన ఇంట్లోంచి వచ్చేటప్పుడు ‘వెళ్లొస్తా’ అనకూడదని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఆ కంగారులో గుమ్మం దగ్గర, “వెళ్లొస్తానమ్మా” అని కూడా అనేశాను. పూర్తయింది.

ఆ రాత్రి మళ్లీ కూర్చున్నాను. ఈసారి ఆవిడ నన్నడిగిన ప్రశ్ననే ప్రతి వాక్యాన్నీ అడిగాను: ఇంతకీ ఏమంటున్నావు? ‘ప్రియమైన భర్త’ ఇంగ్లీషులో గౌరవం, తెలుగులో మొగుడూ పెళ్లాల మధ్యకు పరాయివాడు దూరినట్టు ఉంటుంది. ‘పెద్దాయన’ అంటే ప్రేమా మర్యాదా రెండూ సరిపోయాయి. ‘లాస్’కు మాట వెతకనే అక్కర్లేదు, ‘చాలా బాధగా ఉంది’లో అది కలిసిపోయింది. ‘సారీ’ని క్షమించమని మారిస్తే చంపింది మేమే అన్నట్టుంటుంది. ‘ఆత్మకు శాంతి’ గురించి స్టోర్ కీపరును అడిగాను. “మా సంఘంలో పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యం సార్, ఉన్నవాళ్లకు ఆదరణ కలగాలని చేస్తాం” అన్నాడు. వాళ్లింట్లో జరగబోయే కూడిక పేరే ఆదరణ కూడిక. అయినా అది సారు రాసిన వాక్యం కాబట్టి, ఫోన్ చేసి అడిగి, ఆయన సరేనన్నాకే మార్చాను.

‘ఏ సాయం కావాలన్నా అడగండి’ అన్నది మన పల్లెల్లో ఎవరూ నమ్మని మాట. సాయం చేసేవాడు అడక్కముందే చేస్తాడు. సారుకు అదే చెప్పాను. “అయితే పదిహేను రోజులు జీతంతో సెలవని రాయి” అన్నాడు. ‘రెండేళ్లు మీరు కంటికి రెప్పలా చూసుకున్నారు’ అని ఒక వాక్యం కలపాలని చెయ్యి దురదపెట్టింది. కానీ ఆ సంగతి తెలిసింది నాకు, సారుకు కాదు. ఆయన సంతకం మీద నా కన్నీళ్లు పెట్టకూడదు. ఆపుకున్నాను. చివరికి ఇంతే మిగిలింది:

“అమ్మగారికి నమస్కారం. పెద్దాయన పోయారని తెలిసింది. చాలా బాధగా ఉంది. ఒకసారి మీ ఇంటికి వచ్చినప్పుడు, సాయంత్రం విమానం ఉందన్నా వినకుండా సంచి నిండా జామపళ్లు ఇచ్చారు. విమానమంతా వాటి వాసనే. దేవుడు మీకు ఆదరణ ఇవ్వాలని కోరుకుంటున్నాను. మీ అబ్బాయికి పదిహేను రోజులు జీతంతో సెలవు ఇచ్చాం, మీ దగ్గర ఉండి నెమ్మదిగా రావచ్చు. ఏ అవసరం ఉన్నా నాకు ఫోన్ చేయించండి. ఇట్లు,” కింద సారు సంతకం.

‘వార్మ్ రిగార్డ్స్’ ఎక్కడా లేదు. అది జామపళ్లలోనే ఉంది.

సెలవు అయ్యాక స్టోర్ కీపరు వచ్చి, “రెండో ఉత్తరం అమ్మ బైబిల్లో పెట్టుకుంది సార్” అన్నాడు. నా మనసు కుదుటపడింది. వెంటనే పాత జబ్బు తిరగబెట్టి, “మరి మొదటిది?” అని అడిగాను. అతను ఇబ్బందిగా సంచిలోంచి ఒక పొట్లం తీసి నా బల్ల మీద పెట్టాడు. “మీకు అమ్మ పంపించింది. కాయితం పిల్లాడు చుట్టాడు సార్, ఏమనుకోకండి.”

విప్పాను. నాలుగు జామపళ్లు. ఒకదాని మీద చెమ్మకు నా సిరా అంటుకుని, ‘దిగ్భ్రాంతి’ తిరగబడి ఉంది. గ్లాసుడు నీళ్లతో కడిగి తినేశాను.