అద్దె కాలవలో పోతుందట, వడ్డీ ఎక్కడికి పోతుందో!

"అద్దె కట్టడమంటే నెలనెలా డబ్బు తీసుకెళ్ళి కాలవలో పోయడమే రా. అదే ఈఎమ్‌ఐ కట్టావనుకో, ఇల్లు నీదవుతుంది." ఈ మాట అనని బాబాయి ఉండి నుంచి ఆకివీడు దాకా వెతికినా దొరకడు. పెళ్ళికి వెళ్తే భోజనాల దగ్గర అంటాడు. దినానికి వెళ్తే పరామర్శ అయ్యీ అవగానే అంటాడు. అద్దె ఇంట్లో ఉండే కుర్రాడు తప్పు చేసినవాడిలా తల దించుకుంటాడు. వాళ్ళావిడ ఇంటికొచ్చాక ఆ మాటనే ఇంకో నాలుగు సార్లు వినిపిస్తుంది.

ఈ బాబాయి లెక్క రానివాడైతే నాకు బాధ లేదు. ఆయన పాతికెకరాల రొయ్యల చెరువు లీజుకు చేస్తున్నాడు. "ఏటేటా లీజు కట్టే బదులు చెరువే కొనేసుకోవచ్చుగా బాబాయ్?" అని అడిగి చూడండి. "మతి పోయిందా? ఎకరం ధరెంత, లీజెంత? ఆ డబ్బంతా నేలలో పాతేస్తే పిల్లకీ మేతకీ ఏరియేటర్లకీ ఎక్కడ తేను?" అంటాడు. చెరువు ధరలో లీజు ఎన్నో వంతు, తన డబ్బు వేరే చోట ఎంత సంపాదిస్తుంది, ఈ రెండూ ఆయనకి నోటికొచ్చు. అలాంటి మనిషి గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్న చోటికి వచ్చేసరికి కూడిక కూడా మరిచిపోతాడు.

ఆయన మరిచిన కూడిక మనం వేద్దాం. ఉండిలో ఉద్యోగం చేసే కుర్రాడు పక్కనే భీమవరంలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో 10,000 అద్దెకి ఉంటున్నాడనుకోండి. అదే ఫ్లాటు 50 లక్షలకి అమ్మకానికి వచ్చింది. బ్యాంకు 80 శాతం, అంటే 40 లక్షలు అప్పిస్తుంది. మిగతా 10 లక్షలు చేతి నుంచి పడాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిసి ఏడున్నర శాతం. పూర్తి ధర మీద రాయిస్తే 3 లక్షల 75 వేలు. కప్‌బోర్డులకీ వంటింటికీ గ్రిల్స్‌కీ గృహప్రవేశానికీ పిసినారిగా వేసుకున్నా 2 లక్షల 25 వేలు. మొత్తం 16 లక్షలు మొదటి రోజే పోయాయి. అందులో ఆరు లక్షలు మర్నాడు ఫ్లాటు అమ్మినా తిరిగి రావు. బాబాయి చెప్పిన కాలవలో ఇది మొదటి నీళ్ళు. అద్దెవాడైతే ఆ ఆరు లక్షలతోనే ఈ ఇంట్లో అయిదేళ్ళు ఉండేవాడు.

ఇక ఈఎమ్‌ఐ. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అయితే నెలకి 34,713. ఇదంతా ఇంటిలోకే పోతుందని మన నమ్మకం. మొదటి నెల అందులో 28,333 వడ్డీ. అసలులోకి వెళ్ళింది 6,380. సొంతింటివాడినని చెప్పుకునే ఆ కుర్రాడు నిజానికి 10,000 అద్దె మానేసి బ్యాంకుకి 28,333 అద్దె కట్టడం మొదలుపెట్టాడు. ఇల్లు ఇచ్చినవాడికి కట్టేది అద్దె, డబ్బు ఇచ్చినవాడికి కట్టేది వడ్డీ. తిరిగి రాకపోవడంలో రెండూ అన్నదమ్ములే, కాకపోతే ఈ తమ్ముడు బాగా బలిసినవాడు.

మొదటి ఏడాదికి కాలవ ఖాతా పూర్తిగా రాద్దాం. వడ్డీ దాదాపు 3 లక్షల 37 వేలు. చేతి నుంచి పెట్టిన 16 లక్షలు ఇంకెక్కడైనా ఉంటే ఎంతో కొంత సంపాదించేవి. పీపీఎఫ్ వడ్డీ 7.1 శాతం ఉంది. అందులో ఏడాదికి లక్షన్నరకి మించి వెయ్యనివ్వరు గనక మనం ఇంకాస్త తగ్గించి ఏడు శాతమే అనుకుందాం. 1 లక్షా 12 వేలు. మెయింటెనెన్సు, ఇంటి పన్ను, మరమ్మతులు కలిపి 40 వేలు. మొత్తం 4 లక్షల 89 వేలు. అద్దెవాడు కాలవలో పోసింది 1 లక్షా 20 వేలు. ఇద్దరిలో ఎవరు గట్టు తెంచుకున్నారో బాబాయే చెప్పాలి.

బాబాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "రేటు పెరగదా? నేను ముప్పయ్యేళ్ళ కిందట కొన్న సెంటు ఇప్పుడెంతో తెలుసా?" తెలుసు బాబాయ్. నువ్వు కొన్నది సెంటు, వాడు కొంటున్నది నాలుగో అంతస్తు. ఫ్లాటు కాగితాల్లో అన్‌డివైడెడ్ షేర్ అని ఒకటి ఉంటుంది. అది 35 గజాలుందనుకోండి, ముప్పావు సెంటుకి కూడా తక్కువ. పెరిగేది ఆ నేల. దాని మీద నిలబడ్డ సిమెంటు, లిఫ్టు, పైపులు ఏడాదికేడాదీ పాతబడేవే. నేల కథ చెప్పి సిమెంటు అంటగట్టడం మన దగ్గర బ్రోకరు పని అనుకునేవాళ్ళం. ఇప్పుడది చుట్టాలు ఉచితంగా చేసిపెడుతున్నారు.

అయినా పెరుగుతుందనే ఒప్పుకుందాం. ఎంత పెరగాలి? ఆ ఒక్క ఏడాది అద్దెవాడితో సమానంగా నిలవాలంటే 3 లక్షల 69 వేలు, అంటే 7.4 శాతం. మొదట్లో పోయిన ఆరు లక్షలు రాబట్టడం ఇందులో లేదు. పదేళ్ళకి చూద్దాం. కొన్నవాడు సగం గడువు కట్టేశాక కూడా బ్యాంకుకి ఇంకా 28 లక్షలు బాకీ. అద్దెవాడు తన 16 లక్షలనీ, ఈఎమ్‌ఐ, ఖర్చులు కలిపి కొన్నవాడు కట్టేదానికీ తన అద్దెకీ మధ్య నెలనెలా మిగిలే తేడానీ ఏడు శాతానికి వేస్తూ వచ్చాడనుకోండి. అద్దె ఏటా అయిదు శాతం పెరిగినా వాడి దగ్గర సుమారు 77 లక్షలుంటాయి. కొన్నవాడు బాకీ తీర్చి అంత మిగుల్చుకోవాలంటే ఆ పదేళ్ళ పాత ఫ్లాటు కోటీ అయిదు లక్షలకి అమ్ముడవ్వాలి. ఆ ధర పెట్టి కొనేవాడు ఎవరు? ఈ చుట్టుపక్కల సైట్ల బేరాలు రొయ్య కౌంటు ధరని చూసి లేస్తాయి, కూర్చుంటాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్తే చెరువు గట్టు మీదివాళ్ళకి నిద్ర పట్టలేదు. తన ఫ్లాటు ధర కూడా అదే వలలో ఉందన్న సంగతి నాలుగో అంతస్తులో ఉన్నవాడికి తట్టలేదు.

"అద్దె పెరుగుతుంది, ఈఎమ్‌ఐ మాత్రం ఇరవై ఏళ్ళూ అలాగే ఉంటుంది" అనేది ఇంకో సూక్తి. ఫ్లోటింగ్ రేటు అప్పులో ఈఎమ్‌ఐ అలాగే ఉండవచ్చు, ఇరవై ఏళ్ళే అలా ఉండవు. 2021 మొదట్లో ఏడు శాతానికి 40 లక్షలు తీసుకున్నవాడిని చూడండి. ఈఎమ్‌ఐ 31,012. రిజర్వు బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటుని 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. వీడి వడ్డీ తొమ్మిదిన్నరయింది. బాకీ అప్పటికి 38 లక్షల పైచిలుకు, దాని మీద నెల వడ్డీయే 30 వేలు దాటింది. పాత ఈఎమ్‌ఐనే కడుతూ పోతే అసలులోకి పడేది నెలకి తొమ్మిది వందలు. పద్ధెనిమిదేళ్ళు మిగిలిందనుకున్న అప్పు ముప్పయ్యేడేళ్ళ పైమాట అయి కూర్చుంది. గడువు పెంచాలా, ఈఎమ్‌ఐ పెంచాలా, కొంత ముందే కట్టేస్తారా అని అప్పు తీసుకున్నవాడిని అడగండని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో బ్యాంకులకి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత 2025లో రేట్లు దిగాయనుకోండి. దిగాయి గనక మళ్ళీ పెరగవని మాత్రం ఎవరూ రాసివ్వలేదు.

"ట్యాక్సు కలిసొస్తుంది" అనేవాళ్ళతో ఎక్కువ మాట్లాడక్కర్లేదు. కొత్త పద్ధతిలో మనం ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. పాత పద్ధతిలో రెండు లక్షల వరకే ఉంది. ఇరవై శాతం శ్లాబులో ఉన్నవాడికి దాని వల్ల మిగిలేది 40 వేలు. ఆ 40 వేల కోసం బ్యాంకుకి 3 లక్షల 37 వేలు ఇవ్వడాన్ని మన ఊళ్ళో ప్లానింగ్ అంటారు.

ఫ్లాటు వద్దు, విడిగా ఇల్లే కొంటానంటే ఇక్కడి నేల సంగతి కూడా తెలియాలి. ఇది నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలేస్తుంది. పైగా నిన్నటి వరిచేనో చేపల చెరువో మట్టి తోలి మెరక చేసి, తెల్లారేసరికి 'నగర్' అని బోర్డు పెట్టిన చోట్లు ఎన్నో. కొత్త మెరక కొన్నేళ్ళు దిగుతూనే ఉంటుంది. పునాది పైల్స్ గట్టి నేల దాకా వెళ్ళకపోతే దానితో పాటు ఇల్లూ దిగుతుంది. కొనే ముందు కిటికీల మూలలు చూడండి, అక్కడి నుంచి ఏటవాలుగా పగులు వెళ్తోందా అని. వానాకాలంలో బిగుసుకుని ఎండాకాలంలో వదులయ్యే తలుపు ఉంటే, అది చెక్క గుణమేనని అమ్మేవాడు అంటాడు. చెక్క గుణం కావచ్చు, చౌకట్టు పక్క గోడ పగిలి ఉంటే మాత్రం నేల గుణమే. గోడ అడుగున తెల్లగా పొడి రాలుతుంటే ఉప్పు పైకి పాకుతోందన్నమాట. కొత్తగా సున్నం వేసిన గోడనైతే ఇంకొంచెం అనుమానంగా చూడాలి. పునాది కుంగితే అద్దెవాడు నెల ముందు చెప్పి సామాను ఆటోలో వేసుకుంటాడు. సొంతింటివాడు మేస్త్రీకి ఫోన్ చేస్తాడు.

అద్దెవాళ్ళని వెనకేసుకొస్తున్నానని సంబరపడకండి. పైన చెప్పిన 77 లక్షలు అద్దె కట్టినందుకు రావు, మొదట్లో 28 వేలుండే ఆ తేడాని నెలనెలా దాచినందుకు వస్తాయి. అద్దె తక్కువని కారు కొని దానికీ ఈఎమ్‌ఐ కట్టేవాడి దగ్గర పదేళ్ళకి ఉండేది పాత కారు. అలాంటివాడి మెడ మీద బ్యాంకు కూర్చోవడమే మేలు. ఇంకా, నాన్నగారిచ్చిన స్థలం ఊళ్ళోనే ఉండి, ఇక్కడే పాతికేళ్ళుండేవాడు కట్టుకుంటే అప్పు చిన్నది, నేల సొంతం, అది వేరే లెక్క. ఏ ఫ్లాటుకైనా చూడాల్సింది ఒకటే: ధరని ఏడాది అద్దెతో భాగించడం. మన ఫ్లాటుకి దాదాపు 42 వస్తోంది. అదే ఫ్లాటు 20,000 అద్దె పలికే ఊళ్ళో 21 వస్తుంది, అక్కడ నేను కూడా బాబాయి పక్షానే కూర్చుని ఆలోచిస్తాను.

42 వచ్చే చోట ఇంటి ఓనరు గారిని తలుచుకుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి. ఆయన 50 లక్షల ఆస్తిని పదివేలకి మన చేతిలో పెట్టి, 40 వేల ఖర్చులు తనే భరించి, ఏడాదికి 80 వేలు కళ్ళజూస్తున్నాడు. 1.6 శాతం. సేవింగ్స్ ఖాతా కూడా అంతకన్నా నయం. అయినా ఆయన మొన్న మెట్ల మీద నన్ను ఆపి, "ఎన్నాళ్ళని ఇలా అద్దె కడతారండీ? ఓ ఫ్లాటు చూసుకోకూడదూ?" అన్నాడు. పై అంతస్తులో ఆయనదే ఇంకొకటి అమ్మకానికి ఉందట.