పులిహోరలో ముక్తపదగ్రస్తం

మా ఆవిడ పులిహోరను ఒకే వాక్యంలో చెబుతుంది. "చింతపండు నానేసి, పిసికి, గుజ్జు తీసి, ఉప్పూ పసుపూ వేసి, పచ్చిమిరపకాయలు చీల్చి పడేసి, నూనె పోసి, దగ్గరపడేదాకా ఉడకనిచ్చి, ఈలోగా అన్నం పలుకుగా వండి, పళ్లెంలో ఆరబోసి, పోపు పెట్టి, అన్నీ కలిపేస్తే పులిహోర!" మధ్యలో ఊపిరి తీసుకోదు. బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు అందులో పులిహోర కన్నా ముందు వ్యాకరణం కనబడింది. పదకొండు క్త్వార్థకాలు, ఒక చేదర్థకం, సమాపక క్రియ మాత్రం నిల్లు.

ఈ వాక్యాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో కారొసెల్‌గా పెట్టాలని మా మేనకోడలు పండగ సెలవులకు దిగింది. కారొసెల్ అంటే ఒకే పోస్టులో వరసగా వేలితో జరుపుకుంటూ చూసే బొమ్మలు. ఒక్కో స్లైడుకు ఒక్కో మెట్టు రావాలి, ఒకటి చూశాక రెండోది చూడబుద్ధి కావాలి. 2017లో మొదలైనప్పుడు పది బొమ్మల దాకా పెట్టనిచ్చేవారట. 2024లో దాన్ని ఇరవైకి పెంచారు. ఇరవై ఇచ్చారు కదా అని మా పిల్ల ఇరవయ్యీ నింపేసింది.

ఆ మొదటి ప్రతి చూడాలి మీరు. "స్టవ్ వెలిగించండి" ఒక స్లైడు. "బాణలి పెట్టండి" ఇంకొకటి. "నూనె పోయండి" మరొకటి. తీరా పోపు దగ్గరికొచ్చేసరికి నూనె మొదలు కరివేపాకు దాకా ఎనిమిది దినుసులూ, వాటి కొలతలూ, మంట ఎంతుండాలో, ఏది ఎప్పుడు వేయాలో, అన్నీ ఒక్క స్లైడులో చీమతలకాయంత అక్షరాలతో ఇరికించేసింది.

"ఇలా ఎలా పంచావే?" అన్నాను.

"ఫొటో బాగా వచ్చిన చోటల్లా ఒక స్లైడు మావయ్యా. పోపు ఫొటో ఒక్కటే బాగా వచ్చింది."

సరే, క్త్వార్థకానికో స్లైడు వేస్తే సరిపోతుంది కదా అని నా శాస్త్రం ప్రకారం సలహా ఇచ్చాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "చీల్చడమూ పడేయడమూ రెండు పనులేమిటండీ? చీల్చిన మిరపకాయను పడేయక చేత్తో పట్టుకు తిరుగుతామా?" అంది. మరి ఎక్కడ తెంపాలంటే ఆవిడ చెప్పిన కొలబద్ద ఇది: చెయ్యి ఆగి, కన్ను గిన్నెలోకి చూసి, "అయిందా, లేదా?" అని తేల్చుకోవాల్సిన చోట ఒక మెట్టు పూర్తయినట్టు. అక్కడే స్లైడూ పూర్తవ్వాలి. స్టవ్ వెలిగించాక ఎవరూ "అయిందా?" అని వంగి చూడరు. గుజ్జు ఉడికేటప్పుడు మాత్రం చూడక తప్పదు.

ఈ కొలబద్ద పెట్టగానే ఇరవై స్లైడ్లలో సగం వాటంతటవే రాలిపోయాయి. పోపు స్లైడు మాత్రం మొండికేసింది. అందులో ఎనిమిది వేయడాలున్నాయి. అలాగని ఎనిమిది స్లైడ్లు చేస్తే ఆవాలు చిటపటలాడుతుండగా నూనె చేతులతో ఫోను జరుపుకోవాలి. ఆవాలు చిట్లి ఎండుమిర్చి నల్లబడటానికి అరనిమిషం చాలు. కాబట్టి వండేవాడి లెక్కలో పోపు ఒకటే మెట్టు, మధ్యలో ఆగే వీలే లేదు. ఆగలేని పనిని విడగొట్టకూడదు, అలాగని కుక్కనూ కూడదు. మరేం చేయాలి?

మా ఆవిడ ఒక పళ్లెం తెచ్చింది. ఎడమ చివర వేరుశనగపప్పు, దాని పక్కన శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, చివర కరివేపాకు, అన్నీ వరసగా కుప్పలు పోసింది. వేగడానికి ఎక్కువసేపు పట్టేది ముందు, ఇట్టే మాడేది వెనక. "ఇది ఒక స్లైడు. పోపు తర్వాతి స్లైడు," అంది. చదవాల్సినదంతా పొయ్యి వెలగకముందు స్లైడులోకి వెళ్లిపోయింది. పోపు స్లైడుకు మిగిలిందల్లా ఇది: "కాగిన నూనెలో పళ్లెం వరస ప్రకారం ఒక్కొక్కటే వేయించండి." ఏ స్లైడైనా ఉబ్బిపోతోందంటే దాని ముందు ఒక సర్దుకునే స్లైడు తప్పిపోయిందని అర్థం. మా మేనకోడలు దీన్ని ఫోనులో రాసుకుంది. నా పాఠాలు బడిలో ఎవరూ అంత శ్రద్ధగా రాసుకోలేదు.

"పోపులో ఎనిమిది అన్నావు, పళ్లెంలో ఏడే ఉన్నాయేం?" అని లెక్క పట్టాను.

"ఎనిమిదోది నూనె. దాన్ని కూడా పళ్లెంలో కుప్ప పోయమంటారా?" అంది మా ఆవిడ.

తర్వాతి గొడవ ఫొటోల మీద. గుజ్జు ఉడికించే స్లైడుకు మా పిల్ల, గుజ్జును బాణలిలోకి ధారగా పోస్తున్న ఫొటో పెట్టింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, వండేవాడికి ఎందుకూ పనికిరాదు. పోయడం ఎవరికి తెలియదు? ఎప్పుడు దించాలో తెలియకే జనం గుజ్జును నీళ్లనీళ్లగా దించేసి, అన్నంలో కలిపి, చింతపండు చారన్నం తింటున్నారు. "పది నిమిషాలు" అని రాస్తే చాలదు. మీ బాణలి వెడల్పు వేరు, నా మంట వేరు. గుజ్జు ముద్దలా దగ్గరపడి, పోసిన నూనె అంచుల్లో పైకి తేలాలి. అదే గుర్తు, ఫొటో దానిదే కావాలి. కింద రాసే మాట పని చెప్పాలి, పైన బొమ్మ ఆ పని అయిపోయాక ఎలా ఉంటుందో చూపాలి. అప్పుడు వండేవాడు తన బాణలినీ ఫోనునూ మార్చి మార్చి చూసుకుని, రెండూ ఒకలా ఉంటేనే జరుపుతాడు.

అన్నిటికన్నా చిక్కు పెట్టింది మా ఆవిడ వాక్యంలోని "ఈలోగా". వంటింట్లో రెండు పొయ్యిలుంటాయి, కారొసెల్‌కు ఒకటే దారి. గుజ్జు సగం ఉడికాక "ఈలోగా అన్నం వండండి" అనే స్లైడు వస్తే చదివేవాడు గతుక్కుమంటాడు. అందుకని పనుల్ని తిరిగి పేర్చాం. ఎవరి సాయం అక్కర్లేకుండా ఎక్కువసేపు కూర్చోగలిగేది ముందుకు. యాభై గ్రాముల చింతపండు గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానాలి కాబట్టి అది మొదటి పని. అది నానేలోపు పావుకిలో బియ్యం పలుకుగా వండడం. ఆ అన్నాన్ని పళ్లెంలో ఆరబోసి, పసుపూ చెంచాడు నూనే చల్లితే అదీ తనంతట తాను చల్లారుతూ కూర్చుంటుంది. అప్పుడు తీరిగ్గా గుజ్జు దగ్గరికి రావచ్చు. "ఈలోగా"ను ఒక్కచోటే ఉంచాం, నానబెట్టే స్లైడు చివర. అన్నం స్లైడ్లు రెండిట్లోనూ బొమ్మలో ఒక మూల ఆ చింతపండు గిన్నె కనబడేలా పెట్టించింది మా ఆవిడ. "లేకపోతే మరిచిపోతారు," అంది. మనుషుల మీద ఆవిడకున్న నమ్మకం అలాంటిది.

ఇక ఒక స్లైడు నుంచి ఇంకో స్లైడుకు దారి. ఇక్కడ నా ఉద్యోగం కొంచెం అక్కరకొచ్చింది. మా పిల్ల ప్రతి స్లైడు కిందా ఒక బాణం గుర్తు, "ఇంకా ఉంది, జరపండి!" అన్న బతిమాలుడు పెట్టింది. ఆ చోటంతా దండగ. పద్యాల్లో ముక్తపదగ్రస్తం అని ఒక అలంకారం ఉంది. ఒక పాదం చివర విడిచిన మాటను తర్వాతి పాదం మొదట్లో అందుకోవడం. తెలుగులో క్రియ వాక్యం చివరనే వస్తుంది కాబట్టి ఇది పులిహోరకు కూడా సులువుగా అమరుతుంది. "చింతపండు నానబెట్టండి" అని ఒక స్లైడు ఆగితే, దాని పని మళ్లీ ఎత్తుకునే స్లైడు "నానిన చింతపండును" అని మొదలవ్వాలి. "గుజ్జు తీయండి" అంటే తర్వాత "తీసిన గుజ్జును". "అన్నం వండండి" అంటే "వండిన అన్నాన్ని". ముందు స్లైడులోని క్రియ ఈ స్లైడులో ధాతుజ విశేషణమై కూర్చుంటుంది. బాణాలు తీసేయించాను.

దీనితో ఒక తనిఖీ కూడా కుదిరింది. ఏ స్లైడైనా వెనకటి క్రియను అందుకోలేకపోతోందంటే, మధ్యలో ఒక మెట్టు జారిపోయినట్టో వరస తప్పినట్టో లెక్క. మా పిల్ల ప్రతిలో గుజ్జు స్లైడు తర్వాత "చల్లారిన అన్నంలో కలపండి" అని ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే అన్నాన్ని ఎవరూ చల్లార్చలేదు. కుక్కర్లోంచి నేరుగా వచ్చిన వేడన్నంలో కలిపితే మెతుకు చితికి ముద్దైపోతుంది. "ఆరబోయడం" అన్న స్లైడు అలా వ్యాకరణం వల్ల పుట్టింది. మా ఆవిడ మాత్రం తన వల్లే పుట్టిందంటుంది. ఆరబోయాలని వాక్యంలో ముందే చెప్పానంటుంది. అదీ నిజమే.

చిల్లర విషయాలు కొన్నున్నాయి. మొదటి బొమ్మ ఏ ఆకారంలో ఉంటే మిగతావన్నీ ఆ ఆకారానికే కత్తిరించుకుంటాయి. ముఖచిత్రం చతురస్రంగా పెట్టేసరికి కింది అంచున ఒత్తులు తెగి "కొద్దిగా ఉప్పు" కాస్తా "కొదిగా ఉపు" అయింది. అన్నిటినీ 1080 వెడల్పు, 1350 పొడవుకు మార్చాక ఒత్తులు తిరిగొచ్చాయి. కుడివైపు పైమూలలో వరస సంఖ్య కాసేపు కనబడుతుంది, అక్కడ రాత పెట్టకూడదు. మొదటి స్లైడు చూసి దాటేసినవాళ్లకు ఇంకోసారి రెండో స్లైడు నుంచి చూపించడమూ ఉంది. కాబట్టి దినుసుల జాబితా ఉన్న రెండో స్లైడు మీద కూడా "పులిహోర" అని ఉండాలి, లేకపోతే అది కిరాణా చీటీలా తేలుతుంది. అక్షరాల సైజుకు మా ఇంట్లో పరీక్ష ఒకటే. ఫోను గట్టు మీద, మా ఆవిడ పొయ్యి దగ్గర, కళ్లజోడు పూజగదిలో.

చివరికి లెక్క ఇలా తేలింది. ముఖచిత్రం, దినుసులు, నానబెట్టడం, అన్నం, ఆరబోయడం, గుజ్జు తీయడం, ఉడికించడం, పోపు పళ్లెం, పోపు, కలపడం. పది. సమాపక క్రియలు దక్కాయని నేను లేవబోతుంటే మా ఆవిడ ఇంకొకటి కావాలంది.

"ఏం స్లైడు అత్తయ్యా?"

"మూతపెట్టి గంటసేపు వదిలెయ్యడం. పులుపు మెతుక్కి పట్టొద్దూ?"

"అందులో చేసే పనేమీ లేదుగా! కలపడం కిందే ఒక ముక్క రాసేస్తాను."

"అలా రాస్తే ఎవరూ ఆగరు. కలిపిన చేత్తోనే నోట్లో పెట్టుకుంటారు. మీ మావయ్యను అడుగు."

నన్నెందుకు అడగాలో నాకు తెలియలేదు. పదకొండో స్లైడు మూతపెట్టిన పళ్లెం ఫొటోతో వెళ్లింది, కింద "కలిపిన పులిహోరను గంటసేపు వదిలేయండి" అని. పోస్టు వేసిన సాయంత్రమే మా వదిన ఫోను చేసింది. ఎవరో ఆవిడకు వాట్సాప్‌లో పోపు స్లైడు ఒక్కటే తీసి పంపారట.

"ఏ పళ్లెం వరస మరిదీ? ఇక్కడ పళ్లెమేదీ లేదే!"

విన్న వెంటనే మా మేనకోడలు ప్రతి స్లైడు మీదా "పులిహోర, 9/11" అన్నట్టు పేరూ అంకే వేసి మళ్లీ పెట్టింది. మా వదిన ఈలోగా కరివేపాకు ముందు వేసేసింది.