యాడికీ పోను: ఒక టేపురికార్డరు ఆత్మకథ

నన్ను బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నారు. ఇప్పుడు ఉండేది వయ్యాలికావల్‌లో, కథలు రాసే ఒక పెద్దాయన బల్ల మీద. ఆయనది కోలారు వైపు మొరసునాడు తెలుగు ఇల్లు. కథ రాశాక కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆ తర్వాత నా ఎర్ర మీట నొక్కి పైకి చదువుతారు. మళ్లీ నన్ను వెనక్కి తిప్పి, కాగితం మీద వేలు నడుపుతూ వింటారు.

రెండోసారి వినడంలోనే అసలు పని ఉంది. చదివేటప్పుడు కన్ను ఒకటి చూస్తుంది, నాలుక ఇంకొకటి పలుకుతుంది. ఆ తేడా చదివే మనిషికి తెలియదు, నాకు దొరుకుతుంది.

మొన్నటి కథలో అవ్వ, కొడుకు పట్నానికి రమ్మంటే, ‘నేను ఇక్కడి నుంచి ఎక్కడికీ వెళ్లను’ అని దృఢంగా పలికింది. కాగితం మీద ఉన్నది అదే. నాలో మాత్రం ‘యాడికీ పోను’ అని వినబడింది. అవ్వది పత్రికల తెలుగు కాదని ఆయన నోటికి ముందే తెలుసు. ‘దృఢంగా పలికింది’ దగ్గర గొంతు కూడా నాటకంలోలా లేచింది. మాటలో లేని బలాన్ని గొంతు అరువిచ్చే చోటు అది. కొట్టేశారు. ‘నేను యాడికీ పోను, అంది’ అని మిగిలింది.

ఇంకోచోట మూడు వాక్యాలు వరసగా ‘ఉంది’ అని ఆగాయి: ఇంటి ముందు చెట్టు ఉంది, చెట్టు కింద అరుగు ఉంది, అరుగు మీద చాప ఉంది. తెలుగులో క్రియ చివర్లో కూర్చుంటుంది కనుక ఈ తాళం కంటికి కనబడదు, చెవికి తగులుతుంది. ‘ఇంటి ముందు చెట్టు, దాని కింద అరుగు. చాప పరిచే ఉంది’ అని మార్చారు. అవ్వ ‘పోను, పోను’ అనడాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది ఆమె మొండితనం. తీసేస్తే ఆమే ఉండదు.

నా బ్యాటరీలు నీరసిస్తే టేపు ఈడుస్తుంది, మంచి వాక్యం కూడా బరువుగా వినబడుతుంది. ఆ రోజు లయ గురించి నన్ను నమ్మకూడదు. అంతకన్నా పెద్ద చిక్కు ఆయన గొంతే. బాగా చదివేవాళ్లు పేలవమైన వాక్యాన్నీ నిలబెట్టేస్తారు. అందుకే చివర్లో మనవరాలి చేత చదివిస్తారు. ఆ పిల్ల బడిలో కన్నడం చదివి, ఇంట్లో తెలుగు అక్షరాలు నేర్చుకుంది. కథ ముందు తెలియదు కనుక ఉన్నది ఉన్నట్టు చదువుతుంది. ఒత్తుల దగ్గర తడబడితే ఆయన పట్టించుకోరు. తేలిక మాటల మధ్య ఊపిరి చాలక ఆగిందంటే నన్ను ఆపి, పెన్సిల్ తీసుకుంటారు.